ఇంటి నెయ్యి గుండెకు నిజంగా చెడ్డదా? అవ్వ అడిగిన ప్రశ్నలు, మనవరాలు చెప్పిన జవాబులు

మా అవ్వ చిత్తూరు జిల్లాలో పెనుమూరు వైపు ఒక పల్లెలో ఉంటుంది. వయసు డెబ్బై దాటింది, రక్తపోటుకు మాత్ర వేసుకుంటుంది, ఇంట్లో ఒక జెర్సీ ఆవు ఉంది. ఈమధ్య తిరుపతిలో రక్తపరీక్ష చేయించినప్పుడు రిపోర్టు చూసిన వైద్యుడు "నెయ్యి పూర్తిగా మానేయండి" అని ఒక్క మాటలో చెప్పి పంపారు. కారణం చెప్పకుండా మానమంటే అవ్వ మానే మనిషి కాదు. నేను తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను కాబట్టి ఆమె ప్రశ్నలన్నీ నా దగ్గరికి వచ్చాయి. రోగుల ఇళ్లవాళ్లు అడిగేవి కూడా దాదాపు ఇవే. అందుకే అవ్వ అడిగిన తీరు చెడకుండా, ఆమెకు నేను చెప్పిన జవాబులను కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను.

"పాలు మన ఆవువే, కాచింది నేనే. ఇంక ఇందులో చెడు ఎక్కడినుంచి వస్తుంది అమ్మణ్ణీ?"

ఇంట్లో కాచినందువల్ల నెయ్యిలో ఏది మారుతుంది, ఏది మారదు అన్నది ముందు విడదీసి చూడాలి.

మారేది కల్తీ భయం. అంగట్లో చవకగా దొరికే నెయ్యిలో వనస్పతో, మరో కొవ్వో కలిసి ఉండవచ్చునన్న అనుమానం ఇంటి నెయ్యి విషయంలో లేదు. ఇది చిన్న లాభం కాదు. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే పద్ధతిలో పుట్టే ట్రాన్స్ కొవ్వులు చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్‌ను పెంచుతూ, మంచిదని పిలిచే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయి. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లోనూ వనస్పతి వంటి కొవ్వుల్లోనూ పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు నూటికి 2 వంతులు మించకూడదన్న నిబంధన ఉన్నదంటే, ఆ కొవ్వును ఎంత ప్రమాదకరంగా చూస్తున్నారో తెలుస్తుంది. పాలలో సహజంగానే ట్రాన్స్ కొవ్వు కొద్దిగా ఉంటుంది గాని, రోజుకు ఒకటి రెండు చెంచాల నెయ్యి తినేవారు దాని గురించి దిగులుపడనక్కర లేదు.

మారనిది కొవ్వు స్వభావం. అవ్వ మీగడను తోడుపెట్టి, కవ్వంతో చిలికి, వెన్న తీసి, చన్నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి, సన్నని మంటమీద కాచి, చివర్లో గుప్పెడు మునగాకు వేసి దించుతుంది. ఈ పని అంతటిలోనూ జరిగేది నీళ్లనూ, పాల మాంసకృత్తులనూ, పాల చక్కెరనూ వేరుచేయడమే. మిగిలే నెయ్యిలో నూటికి 99 వంతులకు పైగా కొవ్వే ఉంటుంది, ఆ కొవ్వులో సుమారు 60 వంతులు సంతృప్త కొవ్వు. రిపోర్టులో అంకెను కదిలించేది ఈ సంతృప్త కొవ్వు. అవ్వ కాచినా, కర్మాగారంలో కాచినా, నిజమైన నెయ్యి అయితే ఇందులో చెప్పుకోదగ్గ తేడా రాదు. మునగాకు వాసనను పెంచుతుంది, కొవ్వును మాత్రం తగ్గించదు.

"తిన్న నెయ్యి పోయి నరాల్లో పేరుకుంటుందా?"

చాలామంది మనసులో ఉన్న చిత్రం ఇదే. చేతికి అంటిన నెయ్యి చల్లబడి గడ్డకట్టినట్టే రక్తనాళంలోనూ గడ్డకడుతుందని అనుకుంటారు. శరీరంలో అలా జరగదు. పేగుల్లో నెయ్యి పూర్తిగా విడిపోయి, జీర్ణమై, వేరే రూపంలో రక్తంలోకి చేరుతుంది. నెయ్యి చేసే పని కాలేయంలో జరుగుతుంది.

రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాలను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల పైభాగాన ఉంటాయి. సంతృప్త కొవ్వు రోజూ ఎక్కువగా చేరుతూ ఉంటే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది. ఊరి చెరువులోకి వచ్చే నీళ్లు ఎప్పటిలాగే ఉన్నా తూము సగం మూసుకుంటే నీటిమట్టం పెరిగినట్టే, కాలేయం తీసివేయవలసినంత తీసివేయక రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అలా పెరిగిన కణాలు ఏళ్ల తరబడి ధమనుల లోపలి పొరలోకి చొరబడి అక్కడ చిక్కుకుపోతాయి, వాటి చుట్టూ వాపు వచ్చి పూడిక ఏర్పడుతుంది. అధిక రక్తపోటు, పొగాకు, మధుమేహం ఆ పొరను ముందే దెబ్బతీసి ఉంచితే పని ఇంకా త్వరగా జరుగుతుంది.

కాబట్టి ఒక పండుగనాడు తిన్న నెయ్యికీ, పదిహేనేళ్లుగా రోజూ తింటున్న నెయ్యికీ లెక్క వేరు.

"నెయ్యిలో కొలెస్ట్రాల్ ఉంటుందంటారు కదా?"

ఉంటుంది గాని తక్కువే. ఒక చిన్న చెంచా నెయ్యిలో 12 నుంచి 15 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటే, ఒక కోడిగుడ్డు పచ్చసొనలో 180 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. మనం తినే కొలెస్ట్రాల్ కన్నా సంతృప్త కొవ్వే రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచుతుంది. "కొలెస్ట్రాల్ లేదు" అని సీసామీద అచ్చువేసిన పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఉంటుందన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు కాబట్టి ఆ మాట సీసామీద ఉన్నా లేకపోయినా ఒకటే.

"నా రిపోర్టులో అంత తప్పేముంది?"

అవ్వ రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 236, హెచ్‌డీఎల్ 44, రక్తంలో తిరిగే మరో రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లు 160 ఉన్నాయి. ఎల్‌డీఎల్‌ను ఆ ప్రయోగశాల నేరుగా కొలవలేదు, లెక్కకట్టింది. మొత్తం కొలెస్ట్రాల్‌లో నుంచి హెచ్‌డీఎల్‌ను తీసివేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును కూడా తీసివేస్తే వచ్చేదే ఆ అంకె: 236 లో నుంచి 44, 32 పోతే 160. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు నేరుగా కొలిపించాలి.

ఏ జబ్బూ లేని పడుచువారికి 160 వస్తే ముందు ఆహారం సరిచేసి చూడవచ్చు. డెబ్బై దాటి, రక్తపోటు కూడా ఉన్న మనిషికి అదే 160 తేలికగా తీసుకోవలసిన అంకె కాదు. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్ వేయించుకున్నవారికి ఎల్‌డీఎల్ 70 కన్నా తక్కువ ఉండాలని, వీలైతే 55 కన్నా తక్కువకు తేవాలని వైద్యులు చూస్తారు. అంటే ఒకే అంకె ఒకరికి హెచ్చరిక అయితే మరొకరికి అపాయం. నెయ్యి ఎంత తినవచ్చునన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేకపోవడానికి కారణం కూడా ఇదే.

"మా కాలంలో అందరూ నెయ్యి తిన్నారు. ఎవరికి గుండెపోటు వచ్చింది?"

ఇది అవ్వకు అన్నిటికన్నా బలమైన వాదం, కొట్టిపారేయదగింది కూడా కాదు. రాజస్థాన్ పల్లెల్లోని పురుషులను పరిశీలించి 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నెలకు కిలోకు పైగా నెయ్యి తినేవారిలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. నెయ్యిని సమర్థించేవారు తరచు చూపేది దీనినే.

అయితే ఆ పరిశీలన ఒకే సమయంలో అడిగి రాసుకున్న లెక్క. ఎక్కువ నెయ్యి తిన్నవారికి జబ్బు తక్కువగా ఉండటానికి కారణం నెయ్యేనా, లేక ఎండలో దుక్కి దున్నే ఒళ్లా, లేక జబ్బు బయటపడినవారు అప్పటికే నెయ్యి తగ్గించేశారా అన్నది అలాంటి లెక్కలో తేలదు. ఒకే మనిషికి కొన్ని వారాలు ఒక కొవ్వు, కొన్ని వారాలు మరొక కొవ్వు పెట్టి రక్తం పరీక్షించిన ప్రయోగాలు ఎన్నో జరిగాయి. సంతృప్త కొవ్వు స్థానంలో గింజల నూనె వచ్చినప్పుడు ఎల్‌డీఎల్ తగ్గుతుందన్నది వాటిలో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం.

ఇక మా ఊరి సంగతి. చిన్నప్పుడు నిజంగా ఎంత నెయ్యి తినేదానివని అవ్వను అడిగాను. కొంతసేపు ఆలోచించి చెప్పింది: "ఉట్టిమీది కుండలో నెయ్యి సంతకు పోయేది. మా నాయనకూ, ఇంటికొచ్చిన చుట్టాలకూ ఒక గరిటె. మాకు మిగిలింది మజ్జిగే." పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం సంగటి, ఊరబిండి, పగలంతా చేలో పని, నెయ్యి పండుగకో, బాలింతకో. ఇప్పుడు ఆవు ఉంది, సంతకు పంపే అవసరం లేదు, చేను కౌలుకు పోయింది, నెయ్యి మాత్రం మూడు పూటలా పళ్లెంలోకి వస్తోంది. ఆ కాలాన్ని సాక్ష్యానికి పిలిస్తే ఆనాటి కొలతను కూడా పిలవాలి కదా!

ఆ రోజుల్లో గుండెపోటును గుర్తించే ఈసీజీ యంత్రం పల్లెల దరిదాపుల్లో లేదు. "నిద్రలోనే పోయినాడు" అని చెప్పుకున్న చావుల్లో కొన్ని ఏమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

"అయితే రోజుకు ఎంత తినవచ్చు? లెక్క చూపించి చెప్పు."

అవ్వ ఎంత తింటోందో తెలియకుండా ఎంత తగ్గించాలో చెప్పడం కుదరదు. "ఒక చెంచా వేసుకుంటాను" అని ఆమె మాట. ఆ చెంచా ఏమిటో చూస్తే నెయ్యిగిన్నెలో ఎప్పుడూ ఉండే చిన్న గరిటె. వంటింటి కాటామీద గిన్నెను పెట్టి, ఆమె సంగటి ముద్ద నడుమ వేలితో గుంట చేసి నెయ్యి వేసుకున్నాక మళ్లీ తూచాను. 13 గ్రాములు తగ్గింది. రాత్రి చారన్నంలోకి 9 గ్రాములు, పొద్దున దోసెలమీద 8 గ్రాములు. మొత్తం 30 గ్రాములు. మామూలు చిన్న చెంచా 5 గ్రాముల లోపే పడుతుంది కాబట్టి, అవ్వ దృష్టిలో మూడు చెంచాలుగా ఉన్నది నిజానికి ఆరు చెంచాలు.

ఆమె వయసుకూ, పనికీ రోజుకు సుమారు 1600 క్యాలరీలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం అందులో సంతృప్త కొవ్వు పదో వంతు మించకూడదు. అంటే 160 క్యాలరీలు; కొవ్వు గ్రాముకు 9 క్యాలరీలు కాబట్టి సుమారు 18 గ్రాముల సంతృప్త కొవ్వు. 30 గ్రాముల నెయ్యిలో ఉన్నది సరిగ్గా అంతే. పాలు, పెరుగు, కూరలోని నూనె, చట్నీలో పడిన కొబ్బరి, వీటన్నిటిలోని సంతృప్త కొవ్వు దీనికి అదనం. అవ్వ కాగితంమీద ఈ లెక్క చూసి, "అంటే నెయ్యి ఒక్కటే మొత్తం భాగం తినేస్తోంది" అంది. విషయం అంతే.

మేం కుదుర్చుకున్నది రోజుకు రెండు చిన్న చెంచాలు, సుమారు 10 గ్రాములు. మధ్యాహ్నం సంగటిలో ఒకటి, రాత్రి అన్నంలో ఒకటి. దోసెలు చెనక్కాయ నూనెతో కాలుతాయి. గరిటెను గిన్నెలోంచి తీసేసి చెంచా పెట్టడమే ఇందులో అన్నిటికన్నా పనికివచ్చిన మార్పు, ఎందుకంటే వేడి ముద్దమీద నెయ్యి కరిగిపోతుంది, ఎంత పడిందో కంటికి ఆనదు.

తగ్గించిన 20 గ్రాముల స్థానంలో ఏది వస్తుందన్నది కూడా ముఖ్యం. ఆ ఖాళీని ఇంకో గరిటె అన్నంతోనో, బెల్లం కాఫీతోనో నింపితే ఎల్‌డీఎల్‌లో వచ్చే లాభం తగ్గిపోతుంది, ట్రైగ్లిజరైడ్లు పైకి పోవచ్చు. మన ఇళ్లలో నెయ్యి మానేసినా రిపోర్టు మారలేదని చెప్పేవారిలో చాలామంది చేసేది ఇదే. గుప్పెడు ఉడికించిన చెనక్కాయలు, కొంచెం చిక్కటి పప్పు, ఉలవలు, కూరలోకి చెనక్కాయ నూనె వస్తే లాభం నిలుస్తుంది. నూనె కూడా కొలతలోనే ఉండాలి. పైనుంచి వేసుకునే నూనె, నెయ్యి అంతా కలిపి శ్రమ తక్కువ చేసే పెద్దవారికి రోజుకు 20 నుంచి 30 గ్రాములు సరిపోతుంది.

ఇంతా చేస్తే ఎంత తగ్గుతుంది? రోజు క్యాలరీల్లో నూటికి ఒక వంతు సంతృప్త కొవ్వును తీసి గింజల నూనెల్లోని కొవ్వు పెడితే ఎల్‌డీఎల్ సుమారు 2 పాయింట్లు దిగుతుందని ప్రయోగాల లెక్క. అవ్వ తగ్గించే 20 గ్రాముల నెయ్యిలోని సంతృప్త కొవ్వు రోజు క్యాలరీల్లో నూటికి ఏడు వంతులు. కాబట్టి ఆశించదగింది పది నుంచి పద్నాలుగు పాయింట్లు. 160 కాస్తా 150 దగ్గరికి వస్తుంది. నెయ్యి ఒక్కటే మానితే అంతా సరిపోతుందని చెప్పడం ఎంత తప్పో, నెయ్యికీ గుండెకూ సంబంధమే లేదని చెప్పడమూ అంతే తప్పు.

"మీగడ, వెన్న, పెరుగు, నెయ్యి అన్నీ ఒకే పాలవి కదా. నెయ్యినే ఎందుకు పట్టుకున్నారు?"

ఇది నాకు చాలా నచ్చిన ప్రశ్న. పాలలో కొవ్వు చిన్నచిన్న బొట్లుగా ఉంటుంది. ఒక్కొక్క బొట్టు చుట్టూ ఫాస్ఫోలిపిడ్లు, మాంసకృత్తులు కలిసిన పలుచని పొర ఉంటుంది. మీగడలో ఈ పొర చాలావరకు నిలిచి ఉంటుంది. కవ్వంతో చిలికినప్పుడు పొర చిరిగి, లోపలి కొవ్వు ఒకదానికొకటి అతుక్కొని వెన్నగా పైకి తేలుతుంది; చిరిగిన పొర ఎక్కువ భాగం మజ్జిగలోకి పోతుంది. వెన్నలో మిగిలింది కాచేటప్పుడు అడుగున మడ్డిగా దిగుతుంది. నెయ్యిలో ఆ పొర దాదాపు ఉండదు.

స్వీడన్‌లో 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో బరువు ఎక్కువగా ఉన్నవారిని రెండు గుంపులు చేసి, 8 వారాలపాటు రోజుకు 40 గ్రాముల పాలకొవ్వు ఇచ్చారు. ఒక గుంపుకు పొర చెడని మీగడగా, రెండో గుంపుకు పొర లేని వెన్ననూనెగా. వెన్ననూనె అంటే మన నెయ్యికి దగ్గరి చుట్టం. వెన్ననూనె తిన్నవారిలో ఎల్‌డీఎల్ పెరిగింది, మీగడ తిన్నవారిలో అంతగా పెరగలేదు. చిన్న ప్రయోగమే గనుక, దీన్ని చూసి మీగడ గిన్నెడు తినమని నేను ఎవరికీ చెప్పను. అయితే పాలు, పెరుగు, మజ్జిగలను నెయ్యితో ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికి ఇది చాలు. మీగడ తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగు, వెన్న తీసిన మజ్జిగ అవ్వ నిశ్చింతగా తాగవచ్చు. రక్తపోటు ఉంది కాబట్టి ఉప్పు మాత్రం చూసి వేసుకోవాలి.

"ఆవు నెయ్యి మంచిదా, ఎనుము నెయ్యి మంచిదా? నాటు ఆవుదైతే?"

గుండె లెక్కకు తేడా లేదు. ఆవు నెయ్యి పసుపు రంగు బీటా కెరోటిన్ వల్ల వస్తుంది. నాటు ఆవు నెయ్యికి తగిలించే ఏ2 అన్న పేరు పాలలోని ఒక మాంసకృత్తి రకానిది. నెయ్యిలో మాంసకృత్తి దాదాపు ఉండనే ఉండదు కాబట్టి ఆ పేరుతో రెట్టింపు ధర పెట్టడంలో నాకు అర్థం కనిపించదు.

"నెయ్యిలో పేగులకు మంచిదైన బ్యూటిరేట్ ఉందని ఫోన్‌లో చూపించారు."

ఉంది, నెయ్యి కొవ్వులో నూటికి మూడు నాలుగు వంతులు. పెద్దపేగు గోడకు అది ఆహారం అన్నదీ నిజమే. కాని నెయ్యితో వచ్చిన బ్యూటిరేట్ చిన్నపేగులోనే జీర్ణమైపోతుంది. పెద్దపేగుకు కావలసింది అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి తయారుచేస్తాయి. అవ్వ తినే రాగులూ ఉలవలూ ఆ పని చూసుకుంటాయి.

"నెయ్యి మాడితే విషమవుతుందంటారు, నిజమా?"

కొంత నిజం ఉంది. నెయ్యిని ఎక్కువ వేడిమీద చాలాసేపు ఉంచితే అందులోని కొలెస్ట్రాల్ గాలితో కలిసి ఆక్సీకరణం చెందుతుంది. అలా మారిన కొలెస్ట్రాల్ రక్తనాళాలకు మామూలు కొలెస్ట్రాల్ కన్నా ఎక్కువ హాని చేయగలదు. నెయ్యిలో ఇలాంటి పదార్థాలు గణనీయంగా ఉన్నాయని 1987లో లాన్సెట్ పత్రికలో ఒక నివేదిక వచ్చింది. విదేశాల్లో స్థిరపడిన భారతీయుల్లో గుండెజబ్బు ఎక్కువగా ఉండటానికి ఇది కారణం కావచ్చునని ఆ రచయిత అనుమానించారు. ఆ తరువాతి పరీక్షల్లో తేలిందేమంటే, మామూలుగా కాచిన తాజా నెయ్యిలో ఇవి చాలా తక్కువ; అదే నెయ్యిలో మళ్లీ మళ్లీ వేయిస్తే పెరుగుతాయి.

కాబట్టి కాచడంలో అవ్వ అలవాటే సరైనది. వెన్న కరిగి మొదట నీళ్ల నురుగు వస్తుంది, చిటపట చప్పుడు బాగా ఉంటుంది. చప్పుడు తగ్గి, నురుగు సన్నబడి, అడుగు మడ్డి లేత బంగారు రంగుకు రాగానే మునగాకు వేసి దించాలి. మడ్డి ముదురు గోధుమ రంగుకు వస్తే, నెయ్యి రంగు నల్లబడి ఘాటు వాసన కొడితే కాగడం మించిందని గుర్తు. తడి చెంచా పెట్టకుండా, మూత బిగించి, వెలుతురు తగలని చోట ఉంచాలి. పాత మైనంలాంటి చేదు వాసన వస్తే దీపానికి వాడుకోవచ్చు. అప్పాలు వేయించిన నెయ్యిని మరునాడు మళ్లీ బాణలిలో పోయడం మానుకోవాలి.

"పండుగకు ఓళిగలమీద నెయ్యి లేకుండా ఎట్లా? స్వామి లడ్డూ మాటేమిటి?"

ఓళిగలమీద నెయ్యి వేసుకోవచ్చు, ఆనాడు మిగతా పూటల్లో మానేయాలి. లడ్డూ ప్రసాదం చిటికెడు చాలు. ఇంటికి తెచ్చిన లడ్డూ మొత్తం రాత్రి భోజనం తరువాత ఒక్కరే తింటే అది ప్రసాదం లెక్కలోకి రాదు. అవ్వ నవ్వింది గాని, ఒప్పుకుంది.

"ఎవరు నెయ్యి అసలే ముట్టకూడదు?"

ఎల్‌డీఎల్ 190 దాటినవారు, ముఖ్యంగా అన్నకో తండ్రికో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల్లోనివారు, వంశపారంపర్యంగా వచ్చే లోపం ఉందేమో చూపించుకోవాలి. అలాంటివారికి ఆహారంతో మాత్రమే అంకె దిగదు, నెయ్యి కూడా వీలైనంత దూరంగా ఉండాలి. ఇటీవల స్టెంట్ పడినవారికి మొదటి కొన్ని నెలలు నేను నెయ్యి ఆపించి, ఎల్‌డీఎల్ అనుకున్న చోటికి దిగాక రోజుకు ఒక చెంచా గురించి వారి వైద్యుణ్ణి అడగమంటాను. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవారు నెయ్యి, నూనె రెండూ బాగా తగ్గించాలి, ఎందుకంటే అక్కడ భయం క్లోమానికి.

"మళ్లీ పరీక్ష ఎప్పుడు? తగ్గకపోతే?"

ఆహారం మార్చిన ఎనిమిది నుంచి పన్నెండు వారాల తరువాత, వీలైతే అదే ప్రయోగశాలలో. వారం రోజులకే చేయిస్తే ఏమీ తెలియదు. చెప్పినట్టే తిన్నా అంకె కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, పెద్ద వయసు స్త్రీలలో ఇది తరచు కనిపించేదే.

అవ్వ రెండో రిపోర్టులో ఎల్‌డీఎల్ 147 వచ్చింది. మేం అనుకున్న లెక్కకు దగ్గరగానే ఉంది, కావలసిన చోటికి మాత్రం రాలేదు. వయసూ రక్తపోటూ చూసి వైద్యుడు స్టాటిన్ మాత్ర రాశారు.

"మాత్ర వేసుకుంటున్నాను కదా, ఇంక మునుపటిలా నెయ్యి వేసుకోవచ్చా?"

వద్దు. స్టాటిన్ మాత్ర కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించి, ఆ లోటు తీర్చుకోవడానికి కాలేయం గ్రాహకాలను పెంచుకునేలా చేస్తుంది. ఎల్‌డీఎల్ సాధారణంగా నూటికి 30 నుంచి 50 వంతులు దిగేది అందువల్లనే. నెయ్యి ఎక్కువైతే జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒక చేత్తో తెరిచిన దాన్ని మరో చేత్తో మూసినట్టవుతుంది, చివరికి మాత్ర మోతాదు పెంచవలసి వస్తుంది. నెయ్యి తగ్గించాను కదా అని మాత్ర సొంతంగా ఆపడమూ పనికిరాదు. మధ్యాహ్నం ఒక చెంచా, రాత్రి ఒక చెంచా ఉండనివ్వవచ్చునని వైద్యుడు కూడా చెప్పారు. "పూర్తిగా మానేయమన్నది మీరే కదా" అని అవ్వ ఆయన్ని అడిగిందట. అప్పుడు ఎంత తింటున్నదీ ఎవరూ చెప్పలేదని ఆయన జవాబు.